పర్ఫెక్ట్ బైండింగ్‌లో అక్షరాలు వెన్నులోకి దిగిపోకుండా లోపలి మార్జిన్ లెక్క

ప్రశ్న: మాది కావలి. మా నాన్నగారి కథలన్నీ కలిపి 1/8 డెమ్మీ సైజులో 384 పేజీల పుస్తకం వేస్తున్నాను. టైపు, పేజీల అమరిక నేనే వర్డ్‌లో చేశాను. నాలుగు వైపులా 15 మి.మీ. మార్జిన్ ఇచ్చాను. పర్ఫెక్ట్ బైండింగ్‌తో నమూనా కాపీ వచ్చింది. మధ్య పేజీల్లో లోపలి వైపు అక్షరాలు వెన్నులోకి దిగిపోతున్నాయి, రెండు చేతులతో నొక్కి పట్టుకుంటే గాని చదవలేకపోతున్నాం. లోపలి మార్జిన్ ఎంత పెంచాలి? వర్డ్‌లో Gutter అని వేరే గడి ఉంది, అందులో ఎంత వేయాలి? పేజీలు మరీ పెరగకుండా చూడాలి.

సమాధానం:

మీ చేతిలో నమూనా కాపీ ఉంది కాబట్టి ఎవరో చెప్పిన అంకెను నమ్ముకోవలసిన అవసరం లేదు, ఆ కాపీనే కొలిచి తెలుసుకోవచ్చు. నా అంచనా మాత్రం ముందే చెబుతాను. మీ ప్రెస్సువారు మిల్లింగ్ కోసం, అంటే మిషన్ మీద వెన్ను తొలవడం కోసం, విడిగా చోటు వదలకపోతే లోపలి మార్జిన్ 22 మి.మీ., వదులుతూ ఉంటే 19 మి.మీ. దగ్గర మీ లెక్క తేలుతుంది. నేను ఒంగోలులో ఇరవై ఏళ్ళకు పైగా డీటీపీ, ప్లేటు తీయించే ముందు పేజీలు పేర్చే పనిలో ఉన్నాను. లోపలి మార్జిన్ విషయంలో నా బల్ల దగ్గరకు వచ్చిన తగాదాల్లో ఎక్కువ భాగం ఈ 3 మి.మీ. ఎవరు వదలాలి అన్న చోటే పుట్టాయి. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

పర్ఫెక్ట్ బైండింగ్‌లో ఫారాలను, అంటే పేజీలు అచ్చువేసి మడతపెట్టిన షీట్లను, వరుసగా పేర్చి, వాటి వెన్ను వైపు మడతలను మిషన్ బ్లేడుతో తొలిచేస్తారు. మడత పోయి ప్రతి కాగితమూ విడి ఆకు అవుతుంది, తొలిచిన అంచు గరుకుగా తేలుతుంది, ఆ గరుకు మీద వేడి గమ్ము పూసి అట్ట అంటిస్తారు. దీన్నే మిల్లింగ్ అంటారు. 16 పేజీల ఫారానికి మామూలుగా 3 మి.మీ. దాకా తొలుస్తారు. అంతకన్నా తక్కువ తొలిస్తే ఫారంలో అన్నిటికన్నా లోపలి మడతకు బ్లేడు అందదు, అందని ఆకుకు గమ్ము తగలదు, పుస్తకం నాలుగుసార్లు చదివేసరికి ఆ ఆకు ఊడి చేతికి వస్తుంది. అందువల్ల అక్షరాలు లోపలికి పోతున్నాయని బైండరు దగ్గరకు వెళ్ళి, మిల్లింగ్ తగ్గించమని మాత్రం అడగవద్దు. ఆయన ఒప్పుకున్నా మీరే నష్టపోతారు.

ఇప్పుడు ఆ 3 మి.మీ. కాగితం ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. 1/8 డెమ్మీ పుస్తకానికి 18×23 అంగుళాల షీటు వాడతారు. 23 అంగుళాల వైపును నాలుగుగా మడిస్తే ఒక్కో ఆకు వెడల్పు 5.75 అంగుళాలు, అంటే 146 మి.మీ. అవుతుంది. కటింగ్ అయ్యాక పుస్తకం వెడల్పు 5.5 అంగుళాలు, అంటే 140 మి.మీ. మధ్యలో మిగిలిన 6 మి.మీ.లో సగం వెన్ను దగ్గర మిల్లింగ్‌కు, సగం బయటి అంచు కటింగ్‌కు పోవాలన్నది దాని ఉద్దేశం. పేజీలు పేర్చేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకుని పక్కపక్కన వచ్చే రెండు పేజీల మధ్య, మడత దగ్గర, 6 మి.మీ. ఖాళీ వదిలితే పేజీకి 3 చొప్పున ఆ ఖాళీయే తొలిగిపోతుంది, మీరు ఇచ్చిన మార్జిన్‌కు ఏమీ కాదు. ఆ ఖాళీ వదలకుండా రెండు పేజీలను మడత గీత మీద ఆనించి పెడితే, బ్లేడు మీ 15 మి.మీ.లో 3 తినేసి 12 మిగులుస్తుంది. అప్పుడు కూడా పుస్తకం వెడల్పు 140 మి.మీ.గానే వస్తుంది, బయటి మార్జిన్ మాత్రం 3 మి.మీ. పెరిగి 18 అవుతుంది. చూసినవారికి అచ్చు మొత్తం వెన్ను వైపు జరిగినట్టు కనిపిస్తుంది గానీ కారణం తట్టదు.

మీ కాపీలో ఏది జరిగిందో తెలుసుకోవడానికి ఒక ఆకును బలి ఇవ్వక తప్పదు. పుస్తకం మధ్యలో ఒక చోట తెరిచి, ఒక ఆకును పై మూల దగ్గర పట్టుకుని, వెన్ను వెంబడి కిందికి మెల్లగా లాగితే గమ్ము నుంచి చాలావరకు శుభ్రంగా ఊడివస్తుంది. చిరిగితే ఇంకొకటి లాగండి. ఊడిన ఆకును బల్ల మీద పరిచి, గమ్ము అంటిన అంచు నుంచి అక్షరాల మొదటి నిలువు వరుస దాకా స్టీలు స్కేలుతో కొలవండి. అది 15 వస్తే ప్రెస్సువారు చోటు వదిలారు. 12 వస్తే వదలలేదు. 13, 14 లాంటివి వస్తే ఇంకో ఫారం నుంచి మరో ఆకు తీసి చూడండి, ఎందుకంటే మడత మిషన్ దగ్గర ఒక మిల్లీమీటరు అటూ ఇటూ జరగడం మామూలే, ఒక్క ఆకును చూసి తీర్పు చెప్పకూడదు. అదే ఆకులో బయటి మార్జిన్‌ను కూడా కొలిచి 15 వచ్చిందో 18 వచ్చిందో చూస్తే మొదటి కొలతకు సాక్ష్యం దొరుకుతుంది.

అయితే ఒక జాగ్రత్త. ఆ నమూనా కాపీని ఎలా చేశారో కనుక్కోండి. ఒకటి రెండు కాపీలకు ప్లేట్లు తీయరు కాబట్టి చాలాచోట్ల నమూనాను డిజిటల్ ప్రింటుగా తీసి, విడి ఆకులు పేర్చి, చిన్న మిషన్ మీద బైండు చేసి ఇస్తారు. విడి ఆకులకు తొలగించవలసిన మడత ఉండదు కనుక అక్కడ ఒకటి, ఒకటిన్నర మి.మీ. గరుకు చేస్తే చాలు. రేపు ఐదు వందల కాపీలు ఆఫ్‌సెట్‌లో ఫారాలుగా వచ్చినప్పుడు 3 మి.మీ. పోతుంది. నమూనాలో అక్షరాలు ఇప్పటికే దిగిపోతున్నాయంటే అసలు ప్రింటులో ఇంకా దిగుతాయన్నమాట. నమూనా డిజిటల్ అయితే పైన చెప్పిన ఆకు కొలత మిల్లింగ్ విషయంలో పనికిరాదు, ప్రెస్సువారినే అడగాలి. అడిగేటప్పుడు "గట్టర్ ఎంత ఇవ్వాలండీ?" అని అడిగితే నోటికి వచ్చిన అంకె చెబుతారు. "ఫారం పేర్చేటప్పుడు మడత దగ్గర రెండు పేజీల మధ్య ఎన్ని మిల్లీమీటర్ల ఖాళీ వదులుతారు, మిల్లింగ్ ఎంత తీస్తారు?" అని రెండు విడి ప్రశ్నలుగా అడిగి, జవాబును వాట్సాప్‌లోనైనా రాతలో తీసుకోండి.

రాతలో అని ఎందుకు అంటున్నానంటే, చాలా ఏళ్ళ క్రితం ఒక పద్యాల పుస్తకానికి నేనే ఈ గోతిలో పడ్డాను. అప్పట్లో మేము పంపే ప్రెస్సు మిల్లింగ్‌కు చోటు వదిలేది కాదు, అందువల్ల లోపలి వైపు 3 మి.మీ. కలిపి ఇవ్వడం నాకు అలవాటు. ఆ పుస్తకం వేరే ఊరి ప్రెస్సుకు వెళ్ళింది, వారు పద్ధతిగా 6 మి.మీ. ఖాళీ వదిలి పేర్చారు. ఇద్దరమూ వదలడం వల్ల అక్షరాల గడి 3 మి.మీ. బయటికి జరిగింది. పద్యాల సంఖ్యలను నేను బయటి మార్జిన్‌లో వేసి ఉన్నాను, కటింగ్ కొంచెం వంకర పోయిన కాపీల్లో ఆ సంఖ్యలు అంచుకు ఆనుకుని నిలబడ్డాయి. తప్పు నాదో వారిదో తేల్చడానికి మా ఇద్దరి మధ్య రాతలో ఏమీ లేదు. ఎవరూ వదలకపోవడం ఎంత కీడో ఇద్దరూ వదలడం అంత కీడు.

మిల్లింగ్ సంగతి తేలాక మిగిలేది పుస్తకం తెరిచినప్పుడు వంపులో మునిగిపోయే పట్టీ. గమ్ముతో బిగిసిన పుస్తకం మార్కాపురం పలకలా చదునుగా పరుచుకోదు. ఆకు వెన్ను నుంచి పైకి లేచి, వంగి, తరువాత చదును అవుతుంది. ఆ లేచి వంగే భాగం కంటికి ఏటవాలుగా కనిపిస్తుంది, దాని మీద పక్క పేజీ నీడ కూడా పడుతుంది. ఈ పట్టీ ఎంత వెడల్పు ఉంటుందన్నది ముఖ్యంగా పుస్తకం మందాన్ని బట్టి, కాగితం బిరుసును బట్టి ఉంటుంది. 70 జి.ఎస్.ఎం. మాప్‌లిథో కాగితం మీద నేను కొలిచినంతవరకు వంద పేజీల పుస్తకంలో 4, 5 మి.మీ., రెండు వందల పేజీలకు 6, నాలుగు వందలకు 8 నుంచి 9 దాకా మునుగుతుంది. ఆరు వందలు దాటితే 11, 12 కూడా చూశాను, అంత లావు పుస్తకానికి మార్జిన్ పెంచుకుంటూ పోవడం కన్నా ఫారాలు కుట్టించి బైండు చేయించడమే నయం. కుట్టులో మడతను తొలగించరు కాబట్టి మిల్లింగ్ లెక్కే ఉండదు, పుస్తకమూ బాగా తెరుచుకుంటుంది.

మీ పుస్తకం 192 ఆకులు, ఒక్కో ఆకు మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త తక్కువ మందం అనుకున్నా మొత్తం 18 మి.మీ. వరకు వస్తుంది. ఈ మందానికి మునిగే పట్టీని మీ కాపీలోనే ఇలా కొలవండి. పుస్తకాన్ని సరిగ్గా మధ్యలో, అంటే 192వ పేజీ దగ్గర తెరిచి, మీరు ఇంట్లో కుర్చీలో కూర్చుని చదివేటప్పుడు ఎలా పట్టుకుంటారో అలాగే పట్టుకోండి, బలవంతంగా విప్పవద్దు. పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని, ఆకు ఎక్కడ చదును వదిలి కిందికి వంగడం మొదలుపెట్టిందో అక్కడ పెన్సిలుతో ఒక చుక్క పెట్టించండి. తరువాత పుస్తకాన్ని గట్టిగా విప్పి, గమ్ము అంచు నుంచి ఆ చుక్క దాకా స్కేలుతో కొలవండి. ఇదే పని 50వ పేజీ దగ్గర, 330వ పేజీ దగ్గర కూడా చేసి, అన్నిటికన్నా పెద్ద అంకెను తీసుకోండి. మొదటి ఆకు, చివరి ఆకు లెక్కలోకి తీసుకోవద్దు. అట్ట నిలబడడానికి వాటి పక్కన కూడా కొన్ని మిల్లీమీటర్ల మేర గమ్ము పూస్తారు కాబట్టి అవి ఎలాగూ పూర్తిగా తెరుచుకోవు. అక్కడ శీర్షిక పేజీ లాంటివి ఉంటాయి గనుక పెద్ద ఇబ్బంది ఉండదు, కథ మొదలుపెట్టకుండా ఉంటే చాలు.

ఉదాహరణకు మీకు 8 వచ్చిందనుకుందాం. దానికి పైన కంటికి కనబడవలసిన తెల్ల స్థలాన్ని కలపాలి. తెరిచిన పుస్తకంలో ఎడమ పేజీ లోపలి తెలుపు, కుడి పేజీ లోపలి తెలుపు కలిసి కంటికి ఒకే చారగా కనబడతాయి. అందువల్ల బయటి మార్జిన్ 14 ఉంటే లోపల కనబడే తెలుపు కూడా 14 ఉండనక్కరలేదు, 11 ఉంటే నిండుగా ఉంటుంది. 8, 11 కలిస్తే 19. ప్రెస్సువారు చోటు వదలకపోతే మిల్లింగ్ 3 కలిపి 22. నేను మొదట చెప్పిన రెండు అంకెలు ఇలా వచ్చినవే. ఇదే లెక్కను మీ నమూనాకు వేసి చూడండి. అది కూడా ఆఫ్‌సెట్ ఫారాలతోనే, చోటు వదలకుండా చేసినదైతే మీ 15లో మిల్లింగ్‌కు 3 పోయి 12 మిగిలింది, అందులో 8 వంపులో మునిగింది, కంటికి కనబడిన తెలుపు 4 మి.మీ. మాత్రమే. అక్షరం వంపు అంచుకు దాదాపు ఆనుకుని కూర్చుంది. అందుకే నొక్కి పట్టుకోవలసి వచ్చింది. అలా నొక్కి చదివే పుస్తకానికి వెన్ను మీద గమ్ము పగిలి, మధ్యలో రెండుగా విడిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు.

తెలుగులో ఇంకొక చిన్న సంగతి ఉంది. ఎడమ పేజీలో వెన్ను వైపు పంక్తి చివరలు, కుడి పేజీలో పంక్తి మొదళ్ళు ఉంటాయి. పంక్తి చివర పోయిన ఒకటి రెండు అక్షరాలను కన్ను ఊహించుకుని సాగిపోతుంది గానీ, మొదటి అక్షరం నీడలో పడితే పదమే అందదు, కన్ను వెనక్కి వచ్చి వెతుక్కుంటుంది. పైగా కొన్ని ఫాంట్లలో ప్ర, క్ర వంటి అక్షరాల రవత్తు ఎడమవైపుకు చాచుకుని మార్జిన్ గీతను అరమిల్లీమీటరు దాటుతుంది. అందువల్ల మార్జిన్ చాలిందో లేదో చూసేటప్పుడు కుడి పేజీలనే చూసి తీర్పు చెప్పండి, ఎడమ పేజీలు కొంచెం మోసం చేస్తాయి.

ఇక వర్డ్‌లో Gutter గడి. అది ప్రత్యేకమైన మాయ ఏమీ కాదు, లోపలి మార్జిన్‌కు కూడబడే మరో అంకె మాత్రమే. Inside 22, Gutter 0 అని వేసినా, Inside 19, Gutter 3 అని వేసినా కాగితం మీద ఒకటే ఫలితం. నేను రెండో పద్ధతిని ఇష్టపడతాను. పాఠకుడి కోసం వదిలింది 19 అనీ, బ్లేడు కోసం వదిలింది 3 అనీ ఫైలు తెరిచిన ప్రతిసారీ తెలుస్తుంది, రేపు ప్రెస్సు మారితే ఆ 3ను సున్నా చేస్తే సరిపోతుంది. అయితే అలా చేసిన రోజున అక్షరాల గడి వెడల్పు 3 మి.మీ. పెరిగి పంక్తులన్నీ మళ్ళీ కదులుతాయని, విషయసూచికలో పేజీ సంఖ్యలు మారతాయని మరువకండి. గడి వెడల్పు కదలకూడదనుకుంటే ఆ మూడింటినీ బయటి మార్జిన్‌కు కలపాలి.

ఈ అంకెలు వేసే ముందు Layout లో Margins నుంచి Custom Margins తెరిచి, Multiple pages దగ్గర Mirror margins ఎంచుకోవాలి. అప్పుడే Left, Right అన్న మాటలు Inside, Outside గా మారతాయి. మీరు నాలుగు వైపులా 15 ఇవ్వడం వల్ల ఇప్పటిదాకా ఈ అవసరం మీకు తెలిసి ఉండదు. Normal లోనే ఉంచి ఎడమవైపు 22 వేస్తే కుడి పేజీలు బాగుపడతాయి గానీ ఎడమ పేజీల్లో ఆ 22 బయటి అంచుకు పోయి, వెన్ను వైపు 14 మాత్రమే మిగులుతుంది, అంటే సగం పుస్తకం ఇప్పటికన్నా అధ్వాన్నం అవుతుంది. అలాగే ప్రతి కథకూ మీరు Section Break పెట్టి ఉంటే, కింద Apply to దగ్గర Whole document ఎంచుకోకపోతే మార్పు ఒక్క కథకే పడుతుంది. ఒక సంపుటిలో పదిహేడు కథలు పాత మార్జిన్‌తో, ఒక్కటి కొత్త మార్జిన్‌తో ప్లేటు దాకా వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. పేజ్‌మేకర్ వాడేవారు Document Setup లో Double-sided, Facing pages రెండింటికీ టిక్కు పెడితే అక్కడా Inside, Outside వస్తాయి.

పేజీలు పెరగడం గురించి మీ భయం న్యాయమైనదే. 140 వెడల్పులో ఇప్పుడు మీ అక్షరాల గడి 110 మి.మీ. లోపల 22, బయట 14 ఇస్తే 104 మిగులుతుంది. పంక్తికి ఆరు మి.మీ. తగ్గడం అంటే 384 పేజీలు దాదాపు 406 అవుతాయి, ఫారం 16 పేజీల లెక్కన 26 ఫారాలు, అంటే 416 పేజీల కాగితం. దీన్ని ఎత్తులో కొంత రాబట్టుకోవచ్చు. పేజీకి 32 పంక్తులు ఉన్నాయనుకుంటే, పంక్తికీ పంక్తికీ మధ్య దూరాన్ని 5.5 మి.మీ. నుంచి 5.4కు తగ్గించి, కింది మార్జిన్ నుంచి రెండున్నర మిల్లీమీటర్లు తీసుకుంటే 33వ పంక్తి పడుతుంది. అప్పుడు పుస్తకం 394 పేజీల దగ్గర ఆగుతుంది, 25 ఫారాలకు సరిపోతుంది. అంటే పెరిగేది ఒక్క ఫారం. ఇంకొక పంక్తి కూడా ఇరికిస్తే పాత పేజీల సంఖ్యే వస్తుంది కదా అనిపిస్తుంది గానీ, తెలుగులో గుడి పైకి, వత్తు కిందికి సాగుతాయి. పై పంక్తి వత్తు కింది పంక్తి గుడిని తాకేలా ఇరికించడం కన్నా ఒక ఫారం కాగితం ఖర్చు భరించడం మంచిదని నా మాట. బయటి మార్జిన్‌ను 14 కన్నా తగ్గించడం కూడా వద్దు. పుస్తకం పట్టుకునే బొటనవేలు అక్కడే ఉంటుంది, కటింగ్‌లో తేడా వచ్చేదీ అక్కడే.

గడి సన్నబడినప్పుడు రెండు వైపులా సమంగా కొట్టించిన పంక్తుల్లో మాటల మధ్య సందులు పెరుగుతాయి. తెలుగు సమాసాలు పొడవు, పంక్తి చివర విరగవు, కాబట్టి ఒక్కోచోట నాలుగు మాటలే పంక్తిలో నిలిచి మధ్యలో పెద్ద ఖాళీలు తేలతాయి. 104 మి.మీ.లో ఇది భరించలేనంతగా రాదు గానీ, సంభాషణలు తక్కువగా ఉండి వర్ణన ఎక్కువగా ఉన్న కథలను ఒకసారి చూసుకోండి.

ఇంటర్నెట్‌లో కనబడే పట్టికల గురించి ఒక మాట. రచయితల పుస్తకాలు అచ్చువేసి అమ్మే అమెజాన్ కె.డి.పి. వారు 301 నుంచి 500 పేజీల పుస్తకానికి లోపలి మార్జిన్ కనీసం 15.9 మి.మీ. ఉండాలంటారు. మీలాంటివారు కొందరు దాన్ని చూసి 16 పెట్టి, ఇంకా ఎందుకు మునిగిందని అడుగుతారు. అది ఫైలును తిరస్కరించకుండా ఉండడానికి కావలసిన కనీసపు హద్దు, హాయిగా చదవడానికి చెప్పిన కొలత కాదు. అది వారి మిషన్లకు చెప్పినది కూడా. మన దగ్గర ఫారాలు మడిచి, తొలిచి చేసే పనికి దాన్ని యథాతథంగా తీసుకోకూడదు.

మార్జిన్ ఎంత ఇచ్చినా పుస్తకం మూసుకుపోతూ ఉంటే కాగితం గ్రెయిన్ చూడండి. కాగితంలో పోగులు ఒక దిశగా పడుకుని ఉంటాయి, ఆ దిశ వెన్నుకు సమాంతరంగా ఉంటే ఆకు మెత్తగా వంగుతుంది, అడ్డంగా ఉంటే స్ప్రింగులా వెనక్కి లేచి వస్తుంది. మీ సైజులో 23×36 షీటు తీసుకుంటే గ్రెయిన్ 36 అంగుళాల వైపు వెళ్ళాలి. చేతిలో ఉన్న కాపీలో తెలుసుకోవాలంటే, ఊడదీసిన ఆకును పై అంచు నుంచి కిందికి చించండి. చిరుగు తిన్నగా దిగితే గ్రెయిన్ సరిగా ఉంది. దారి తప్పి పక్కకు పోతూ, అడ్డంగా చించినప్పుడు తిన్నగా వస్తే కాగితం తిరగబడింది. అలా తిరగబడితే మునిగే పట్టీ నా అనుభవంలో రెండు మి.మీ. దాకా పెరుగుతుంది. దాన్ని మార్జిన్‌తో పూడ్చడం కన్నా కాగితం మార్పించడం మేలు.

కొత్త ఫైలు తయారయ్యాక పీడీఎఫ్‌ను ఆక్రొబాట్ రీడర్‌లో Two Page View లో పెట్టి, Show Cover Page in Two Page View కూడా ఎంచుకుని చూడండి. మొదటి పేజీ ఒంటరిగా కుడివైపు నిలిచి, ఆ తరువాత ప్రతి జంటలోనూ వెడల్పైన తెలుపులు రెండూ మధ్యలో కలవాలి. ఎక్కడో ఒకచోట అవి బయటి అంచులకు పోయి ఉంటే, దానికి ముందు ఒక ఖాళీ పేజీ తగ్గిందో, అట్ట పేజీని కూడా లోపలి పేజీల్లో కలిపారో అయి ఉంటుంది. ఒక పేజీ తేడాతో అక్కడి నుంచి పుస్తకం చివరిదాకా మార్జిన్లు తారుమారు అవుతాయి.

ఆఖరుగా, ప్లేట్లకు ముందు మరో నమూనా అడిగేటప్పుడు నేను పాటించే ఒక పద్ధతి ఉంది. పుస్తకం మధ్య ఫారంలో ఒక కుడి పేజీని మామూలు పాఠానికి బదులు ఒక స్కేలుగా మారుస్తాను. పేజీ ఎడమ అంచు నుంచి మిల్లీమీటరుకు ఒక సన్నని నిలువు గీత, ప్రతి గీత కిందా అంకె, 0 నుంచి 30 దాకా, పేజీలో మూడు చోట్ల. అంకెలు ఇరుక్కోకుండా ఒకటి పైకి, ఒకటి కిందికి వేస్తే చాలు. అసలు ప్రెస్సులో వాడే కాగితంతో, అదే ఫారం మడతతో, అదే బైండింగ్ మిషన్ మీద ఒక డమ్మీ చేయమని అడుగుతాను. ఇందుకు ఆ ఒక్క ఫారాన్ని మాత్రం 18×23 కాగితం మీద ప్రింటు తీసి మడిస్తే చాలు, మిగిలినవి అచ్చులేని తెల్ల ఫారాలు. పుస్తకం తెరిచి చదివేటట్టు పట్టుకుంటే వంపు దాటి తిన్నగా కనబడే మొదటి అంకె ఏదో తెలుస్తుంది. ఆ ఆకును ఊడదీస్తే గమ్ము అంచు దగ్గర ఏ అంకె నుంచి గీతలు మొదలయ్యాయో కనిపిస్తుంది. గమ్ము దగ్గర 3, కంటికి 11 కనబడితే మిల్లింగ్ 3, మునిగినది 8, మీ 22 సరిపోయిందన్నమాట. గమ్ము దగ్గర 0 గీతే కనబడి దానికి ముందు తెలుపు కూడా మిగిలితే ప్రెస్సువారు తొలిచిన దానికన్నా ఎక్కువే వదులుతున్నారు, Gutter గడిలోని 3ను తీసి బయటి మార్జిన్‌కు కలపండి. డమ్మీ పని పూర్తయ్యాక ఆ పేజీ స్థానంలో మీ నాన్నగారి కథలోని అసలు పేజీని తిరిగి పెట్టారో లేదో ప్లేటుకు ముందు ఒకటికి రెండుసార్లు చూసుకోండి.